ఏడు డబ్బాలు, ఒక చీకటి గది

నాకు నోటి దురుసు ఎక్కువ. మా అమ్మ అనేది, మా ఆయన అంటాడు, ఇప్పుడు నా పిల్లలు కూడా ఇంగ్లీషులో అదే మాట అంటున్నారు. ఈ నోటివల్ల చాలామందితో పేచీలు వచ్చాయి. కానీ ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది మాత్రం ఒక్కసారే. అదీ కోపంలో అన్న మాట కాదు, సరదాకి అన్నది.

ఎనభైల మొదట్లో మేం హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళం. నేను కర్టెన్లు కుట్టే వర్క్‌షాపులో పనిచేసేదాన్ని. ఆ మనిషి ఒక నర్సు. గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగ్ అయి, పరీక్షలన్నీ పాసై, ఒంటరిగా వచ్చింది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు అడిగి తీసుకుని తెలుగు ఆరాధన పెట్టుకునేవాళ్ళం. అక్కడే పరిచయం. మొదటి రోజే నన్ను "అక్కా" అంది. నాకు చెల్లెళ్ళు లేరు, అందుకని ఆ పిల్ల మీద పెత్తనం అంతా నాదే అనుకున్నాను.

ఆమెది రాత్రి డ్యూటీ. పదకొండు నుంచి పొద్దున ఏడు వరకు. కొత్తగా చేరిన వాళ్ళకి అదే ఇచ్చేవారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పార్కింగ్ లాట్‌లో నా కారు పక్కన తాళంచెవులు చేతిలో తిప్పుకుంటూ నిలబడింది. ఏమిటే అని గట్టిగా అడిగితే చెప్పింది.

"పొద్దున ఆరున్నరకి, అక్కా. ఒక పేషెంట్‌కి ఇన్సులిన్ ఇవ్వాలి. అందులో రెండు రకాలుంటాయి. ఒకటి వెంటనే పనిచేస్తుంది, అది నీళ్ళలా ఉంటుంది. ఇంకోటి మెల్లగా పనిచేస్తుంది, అది మబ్బుగా, పల్చటి పాలలా ఉంటుంది. నేను ఇవ్వాల్సింది మబ్బుగా ఉన్నది. ఆ డోసంతా నీళ్ళలా ఉన్న సీసాలోంచి లాగాను."

"ఇచ్చేశావా?"

"లేదు. ఇచ్చే ముందు ఇంకో నర్సుకి చూపించాలి, అది రూలు. ఆమె చూసి, ఏ సీసాలోంచి తీశావు అంది. నేను సిరంజి వైపే చూస్తున్నాను, అక్కా. క్లియర్‌గా ఉంది. చూస్తూనే ఉన్నా, నాకు తేడా తెలియలేదు."

ఆ వారమంతా పగలు మూడు గంటలకు మించి పడుకోలేదట. ఆసుపత్రి వాళ్ళు కాగితం రాసి ఆమె ఫైల్లో పెట్టారు. ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉంది, అది పూర్తవడానికి ఐదు వారాలు. ఈలోగా ఇంకొక్క కాగితం ఫైల్లోకి వెళ్తే ఉద్యోగం ఉండదని నైట్ సూపర్‌వైజర్ చెప్పేసింది. ఉద్యోగం పోతే దాన్ని పట్టుకున్న వీసా కూడా పోతుంది.

"పంపించేస్తే పంపించేస్తారు. ఆ ముసలాయన చచ్చిపోయి ఉంటే?" అంది.

 నేను ఏడ్చే రకం కాదు, పనులు పురమాయించే రకం. ఐదు వారాలు ఈ పిల్లని పడుకోబెట్టాలి, తిండి పెట్టాలి, అంతే కదా అనుకున్నాను.

మర్నాడే ఆమె అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. పడకగదికి తూర్పు కిటికీ. పొద్దున్నే టెక్సాస్ ఎండ వచ్చి సూటిగా మంచం మీద పడుతుంది. తోటి నర్సులెవరో చెప్పారని, వంటింట్లో వాడే అల్యూమినియం కాగితం అద్దానికి టేపుతో అంటించింది. ఏసీ గాలికి అది రాత్రింబవళ్ళు గలగలమంటుంది. దానికి తోడు, బయటికి అసహ్యంగా ఉంది, తీసెయ్యమని మేనేజరు తలుపుకి చీటీ అతికించి పోయాడు.

"ఇది నాకు వదిలెయ్," అన్నాను.

మా వర్క్‌షాపులో హోటళ్ళకి వెళ్ళే కర్టెన్లకి వెనకాల రబ్బరు పూత ఉన్న మందపాటి గుడ్డ వేసేవాళ్ళం. చూడటానికి తెల్లగా ఉంటుంది, వెలుతురు మాత్రం అస్సలు రానివ్వదు. అయితే దాన్ని మధ్యలో కుట్టకూడదు. సూది దిగిన ప్రతి చోటా ఒక చుక్క వెలుతురు వస్తుంది. అంచుల్లోనే కుట్టి, ముందు గుడ్డ వేరుగా, వెనక గుడ్డ వేరుగా ఒకే కొక్కేనికి వేలాడదీశాను. కడ్డీ రెండు చివర్లూ గోడ వైపు వంగి ఉండేది పెట్టి, కర్టెన్ పక్కలు గోడకి ఆనేలా చేశాను. కర్టెన్లు మూసి గదిలో నిలబడితే నా చెయ్యి నాకే కనపడలేదు. ఆమె చీకట్లోనే "అమ్మయ్య" అంది.

మా ఆయన ఒక నల్ల కళ్ళజోడు కొనిచ్చాడు. పొద్దున డ్యూటీ అయి కారు నడుపుతూ వచ్చేటప్పుడు ఎండ కళ్ళలో పడితే ఒళ్ళు తెల్లారిందనుకుంటుందట, ఇక నిద్ర దగ్గరికి రాదట. ఆ సంగతి ఆమే చెప్పింది. నేను ఒక టేబుల్ ఫ్యాను కూడా తెచ్చాను, గాలికి కాదు, దాని హోరులో పక్కింటి వాళ్ళ చప్పుళ్ళు వినపడకుండా.

మిగిలింది తిండి. ఆసుపత్రి క్యాంటీన్ రాత్రి మూసేస్తారు. మెషీన్‌లో నాణేలు వేస్తే వచ్చే బిస్కెట్లే గతి. ఆమె కాక, మేం ఆరాధనకి వచ్చే ఆడవాళ్ళం ఏడుగురం. వారానికి ఏడు రోజులు. ఇంకేం కావాలి? ఒక కాగితం మీద రోజుకొకరి పేరు రాసి, ఎవరు ఏ రోజు వండి తీసుకెళ్ళాలో నేనే పంచాను. ఎవరూ కాదనలేదు. నాతో కాదనడం అంత తేలిక కూడా కాదు.

మొదటి వంతు నాదే. ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బాలో, మూత మీద నా పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించిన దాంట్లో, అన్నం, మాంసం పులుసు పెట్టి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత సాయంత్రం డబ్బా శుభ్రంగా తోమి తెచ్చి ఇచ్చింది. నేను మూత తీసి చూసి నవ్వాను.

"ఏంటే, మా డబ్బా ఇంత బోడిగా వచ్చింది? ఖాళీ డబ్బా తిరిగిస్తే ఇచ్చినింట్లో గింజలు నిండుకుంటాయంటారు మా ఊళ్ళో."

ఆమె కూడా నవ్వింది. "ఈసారి చూడండి అక్కా," అంది. నేను ఆ మాట అక్కడే మర్చిపోయాను.

తర్వాతి వారం నా డబ్బా నిండా కజ్జికాయలు వచ్చాయి. కొబ్బరి, బెల్లం, యాలకుల వాసన. అంచులు చేత్తో మడిచి, ఎంత ముద్దుగా ఉన్నాయో. మా పిల్లలు ఎగబడి తిన్నారు. ఆదివారం ఆ గొప్ప చెప్పబోతే, ఒకావిడ తనకి చెక్కలు వచ్చాయంది, ఇంకొకావిడ సున్నుండలు వచ్చాయంది. మా పాస్టరమ్మగారైతే, "పిల్లకి ఓపిక వచ్చింది, దేవుడికి స్తోత్రం," అంది. మేమంతా తలలు ఊపాం. ఏడుగురిలో ఒక్కరం కూడా, ఆ పిల్ల ఇవన్నీ ఎప్పుడు చేస్తోంది అని అనుకోలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

కానీ మనిషి చిక్కిపోతోంది. నాలుగో ఆదివారం కీర్తన పాడుతుంటే ముందు బెంచీ వీపు పట్టుకుని నిలబడే తూలింది. బయటికి తీసుకొచ్చి అడిగాను.

"నిద్ర పడుతోందా లేదా? నిజం చెప్పు."

"పడుతోంది అక్కా. కర్టెన్లు చాలా బావున్నాయి."

ఆ జవాబు నాకు నచ్చలేదు. కర్టెన్ల సంగతి నేనడిగానా? లోపం నా కుట్టులోనే ఉందేమో, పక్కనుంచి వెలుతురు వస్తోందేమో, మొహమాటానికి చెప్పడం లేదేమో అనుకున్నాను. ఆ శుక్రవారం రాత్రి డ్యూటీతో ప్రొబేషన్ అయిపోతుంది. శనివారం పొద్దున ఏడింటికి సూపర్‌వైజర్ కూర్చోబెట్టి ఉంచుతారో లేదో చెబుతుంది. మిగిలింది ఐదు రాత్రులు. మంగళవారం నాకు ఒంటిపూట పని. కర్టెన్ పక్కలకి అంటుకునే పట్టీ కుడదామని గజం ముక్క, సూదీ దారం సంచిలో వేసుకుని బయల్దేరాను. ఆమె ఇంటి తాళం ఒకటి నా దగ్గర ఉండేది. నిద్ర లేపకుండా ముందు గదిలో కూర్చుని కుట్టుకోవచ్చు అనుకున్నాను.

పదకొండున్నరకి తలుపు చప్పుడు కాకుండా తీశాను. మాడు వాసన గుప్పుమంది.

వంటింట్లో స్టవ్ ముందు నిలబడి ఉంది. పైనున్న అలమర తలుపుకి నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని. కుడి చేతిలో చిల్లుల గరిటె. కింద మూకుడులో నూనె పొగలు కక్కుతోంది. అందులో నాలుగు కజ్జికాయలు బొగ్గుల్లా తేలుతున్నాయి. కరెంటు స్టవ్ తీగచుట్ట ఎర్రగా మండుతోంది.

అరవబోయి ఆగాను. అరిస్తే ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే చెయ్యి మూకుడుకి తగులుతుంది. ఆ వంటింటిలో నాలుగడుగులు వెయ్యడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. నా చెప్పుల చప్పుడు నాకే గట్టిగా వినపడుతోంది. ముందు ఆమె మణికట్టు పట్టుకున్నాను, మెల్లగా. రెండో చేత్తో స్టవ్ మీట ఆపాను. మూకుడు కదపలేదు.

ఆమె కళ్ళు తెరిచింది. నన్ను చూసింది గానీ, నేనెవరో తెలియలేదు. చిల్లుల గరిటె నా మొహం ముందు పెట్టి ఇంగ్లీషులో అడిగింది, "ఇది కరెక్టేనా? ఒకసారి చెక్ చేస్తారా?"

గరిటె ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది.

ఆమెని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. అప్పుడు చూశాను గట్టు మీద. ఏడు స్టీలు డబ్బాలు, వరసగా, మూతలు తీసి. మూడింట్లో చెక్కలూ సున్నుండలూ నిండి ఉన్నాయి. నాలుగు ఖాళీగా ఉన్నాయి. మొదటిది నాది.

"ఎవరు చెయ్యమన్నారే నిన్ను?" అన్నాను. భయమంతా కోపమై బయటికి వచ్చింది. "బుద్ధి ఉందా? ఇల్లు తగలబడేది. నువ్వు తగలబడేదానివి. ఎవరు చెయ్యమన్నారు?"

చేతుల వంక చూసుకుంది.

"మీరే అన్నారు కదక్కా. డబ్బా బోడిగా వచ్చిందని."

గట్టు మీద నా డబ్బా వైపు తిరిగి చూశాను. సరదాకి అన్న ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది.

"మీకు ఒక్కరికే ఇచ్చి మిగతా వాళ్ళకి ఖాళీవి ఇస్తే బావుండదు కదా," అంది. తప్పు తనదే అన్నట్టు, మెల్లగా, ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఎనిమిదింటికి ఇల్లు చేరుతుంది. కళ్ళు మూతలు పడుతుంటాయి. కానీ పదింటికల్లా ఆ రోజు వంతు వాళ్ళు గంట కొడతారు, అందుకని పడుకోదు. వచ్చిన వాళ్ళని గుమ్మంలోంచి పంపించేయలేదు కదా, కూర్చోమంటుంది, టీ పెడుతుంది. వాళ్ళు నిద్ర పడుతోందా అమ్మా అని ప్రేమగా గంటసేపు అడుగుతారు. వాళ్ళు వెళ్ళాక పిండి కలుపుతుంది. రెండింటికి పడుకుంటే నాలుగున్నరకి ఎవరో ఫోన్ చేస్తారు, కూర బావుందా అని.

"మరి ఆ కూరలు?"

"అర్ధరాత్రి దాటాక మాంసం పులుసు, బిర్యానీ తింటే కళ్ళు నిలవవక్కా. రెండుసార్లు తిని చూశాను. తర్వాత నుంచి ఫ్లోర్‌లో తోటి నర్సులకి పెట్టేస్తున్నా. వాళ్ళకి బాగా నచ్చుతుంది."

ఆమె మాత్రం మెషీన్‌లో బిస్కెట్లే తింటోంది.

సిగ్గేసింది నాకు. చాలా సిగ్గేసింది. ఒక్క వెలుతురు చుక్క రాకుండా కర్టెన్ కుట్టానని నెల్లాళ్ళుగా మురిసిపోతున్నాను. ఆ గదిలోకి ఆమెని పోనివ్వంది నేనే.

"లే. పడుకో," అన్నాను.

సరిగ్గా అప్పుడు గంట మోగింది.

ఆమె ఠక్కున లేచింది. నిద్రలో కూడా లేచేదేమో ఆ గంటకి. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "మంగళవారం పాస్టరమ్మగారిది, అక్కా, ఇవాళ ఆలస్యమైంది. టీకి పాలున్నాయో లేదో," అంటూ తలుపు వైపు నడిచింది. నేను ఆమె రెండు భుజాలూ పట్టుకుని పడకగదిలోకి తోశాను. తలుపు మూశాను. గంట మళ్ళీ మోగింది. మూడోసారి కూడా మోగింది.

"వందనాలమ్మా, తలుపు తియ్యి, చల్లారిపోతోంది," అని బయటినుంచి గొంతు.

నేను వరండాలోకి వచ్చి, తలుపు నా వెనకే దగ్గరగా వేశాను. పాస్టరమ్మగారికి అరవై ఏళ్ళు. మాలో ఎవరి ఇంట్లో జ్వరం వచ్చినా ముందు వచ్చేది ఆవిడే. చేతిలో అల్యూమినియం గిన్నె, మీద తువ్వాలు చుట్టి ఉంది.

"నువ్వున్నావేంటి? పిల్లేది?"

"పడుకుందండి."

"పడుకుంటే నూనె వాసనేంటి? తప్పుకో, ఇది చేతికిచ్చి రెండు నిమిషాల్లో వెళ్ళిపోతా."

"రెండు నిమిషాలు కూడా వద్దండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నన్ను గుమ్మంలోంచి పంపిస్తున్నావా నువ్వు?"

"గట్టిగా మాట్లాడకండి, మీకు పుణ్యముంటుంది."

"ఎన్నడూ లేంది ఇదేం మర్యాదమ్మా? ఈ వంతులన్నీ రాసి ఇచ్చింది నువ్వు. హడావుడిగా పొద్దున్నే లేచి వండుకొచ్చింది నేను. గిన్నె గుమ్మంలో పెట్టి పోవడానికి ఆ పిల్లేమన్నా ముష్టిదా?"

ఆవిడ గొంతు పెరుగుతోంది. లోపల పిల్ల మంచం మీద కూర్చుని అన్నీ వింటూ ఉంటుందని నాకు తెలుసు. ఇంకో మాటైతే తలుపు తీసుకుని వచ్చేస్తుంది. నేను వాదించడం మానేసి, పాస్టరమ్మగారి చెయ్యి పట్టుకుని, తలుపు ఓరగా తీసి వంటింటి వైపు చూపించాను. మాడిన మూకుడు, గట్టు మీద ఏడు డబ్బాలు, నేల మీద పడిన చిల్లుల గరిటె.

"స్టవ్ ముందు నిలబడి నిద్రపోయిందండి. నూనె మీద," అన్నాను గుసగుసగా. "మన డబ్బాలు నింపడానికి."

ఆవిడ చెప్పులు బయటే విప్పి, పిల్లిలా లోపలికి నడిచి, గట్టు దగ్గర నిలబడింది. నిండిన మూడు డబ్బాల్లో ఒకటి ఆవిడది. అందులో చెక్కలున్నాయి. ఒక చెక్క తీసి చూసి మళ్ళీ పెట్టేసింది.

"పోయిన వారం మా ఆయన, ఇలాంటివి మళ్ళీ పంపమని చెప్పు అన్నాడు," అంది. "నేను పిల్లకి చెప్పాను కూడా."

"నేను అంతకంటే ముందే అన్నాను లెండి, ఇంకో మాట."

ఆవిడ వాదించలేదు, ఓదార్చలేదు. వంటింట్లో సరుకుల కాగితపు సంచి ఒకటి వెతికి పట్టుకుంది. డబ్బాల్లో ఉన్నవన్నీ ఒక పళ్ళెంలోకి వంచింది. డబ్బాలు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా మధ్యలో గుడ్డ పెట్టి సంచిలో సర్దింది. అలవాటు కొద్దీ పంచదార సీసా అందుకుని మూత తిప్పింది, ఒక్కోదాంట్లో చిటికెడు వేద్దామని. ఒక క్షణం అలాగే నిలబడి, మూత బిగించి ఎక్కడిది అక్కడే పెట్టేసింది.

"అందరిళ్ళకీ నేనే వెళ్ళి ఇస్తాను. ఖాళీవి. ఎవరేమంటారో నా మొహం మీదే అననీ," అంది.

ఆరు డబ్బాలే తీసుకెళ్ళింది. ఏడోది అక్కడే ఉంది. నాది నేను తెచ్చుకుందామనుకున్నాను గానీ, దాన్ని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

పన్నెండుంపావుకి పడకగది తలుపు కొద్దిగా తీసి చూశాను. మంచం మీదే కూర్చుని ఉంది, చీకట్లో.

"వెళ్ళిపోయారా? కోపం వచ్చిందా?"

"రాలేదు. పడుకో."

"మూకుడు కడగాలి."

"నేను కడుగుతా. పడుకుంటావా, నన్ను కూడా వచ్చి నీ పక్కన పడుకోమంటావా?"

నవ్వలేదు గానీ పడుకుంది. ఫ్యాను వేశాను. ఫోన్ రిసీవరు తీసి పక్కన పెట్టాను. అది కాసేపు కీచుమని గోల చేసింది. రెండు దిళ్ళ కింద కుక్కి, ఆ గోల ఆగేదాకా మీద చేతులు పెట్టి కూర్చున్నాను. మధ్యాహ్నమంతా ఆ ముందు గదిలో కాపలా. ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే తలుపు దాకా వెళ్ళి గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. గంట కొట్టకముందే తియ్యాలని. పట్టీ కూడా కుట్టాను, చేతులు ఊరుకోక.

ఆరున్నరకి లేచి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ, నన్ను చూసి నేనని గుర్తుపట్టింది. అప్పుడు నెల రోజుల కిందట అడగాల్సింది అడిగాను.

"అసలు నువ్వు ఎప్పుడు ఏం తినాలే?"

ఆలోచించి చెప్పింది. అన్నం, పప్పు, కూర ఇంట్లోనే డ్యూటీకి వెళ్ళే ముందు తింటే మంచిదట. రాత్రి ఒంటి గంటకి రెండు ఇడ్లీలో, ఉడికించిన గుడ్డో, ఒక పెసరట్టో, కూర్చునే తీరిక లేకపోయినా నిలబడి తినగలిగేది. మూడింటికి వేడివేడి చారు ఫ్లాస్కులో ఉంటే కాఫీ అక్కర్లేదు. మూడు దాటాక కాఫీ తాగితే పొద్దున నిద్ర రాదు. ఇంటికొచ్చాక ఒక అరటిపండు, గ్లాసు పాలు, ఆకలికి మధ్యలో మెలకువ రాకుండా. ఇంతే. ఏడుగురం పోటీపడి మాంసాలు వండాం, దీనికోసం.

ఆ సాయంత్రం నేను ఆరుగురికీ ఫోన్ చేశాను. ఇకనుంచి వండింది వెన్నకి బదులు వాడే మార్గరీన్ కొన్నప్పుడు వచ్చే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టాలి, వాటిని తిరిగి అడగకూడదు. సాయంత్రం ఏడింటికి ముందు ఎవరూ ఆ మెట్లెక్కకూడదు. గంట కొట్టకూడదు. ఫోన్ చెయ్యకూడదు, నిద్ర పట్టిందా అని అడగడానికి అసలు చెయ్యకూడదు. ఒకావిడ నొచ్చుకుంది. పారేసే డబ్బాలో పెట్టి గుమ్మంలో వదలడం తన వల్ల కాదంది. కానీ అప్పటికే పాస్టరమ్మగారు వాళ్ళింటికి వెళ్ళి ఖాళీ డబ్బా చేతికి ఇచ్చి వచ్చిందట. నొచ్చుకున్నావిడ నాతో వాదించి వాదించి చివరికి, "చారు నేను పెడతాలే," అంది.

బుధ, గురు, శుక్ర. ఆ మూడు రోజులూ నేను ఆమెని చూడలేదు, గొంతు వినలేదు. నా పెద్ద ఫ్లాస్కు పాస్టరమ్మగారి చేత పంపాను.

శనివారం పొద్దున ఏడయింది. ఏడున్నరకల్లా సూపర్‌వైజర్ మాట అయిపోయి ఉంటుంది. ఎనిమిదికి ఇల్లు చేరి ఉంటుంది. ఫోన్ పక్కన కూర్చున్నాను. ఎనిమిదింపావుకి చెయ్యలేదు. తొమ్మిదికి చెయ్యలేదు. మంచి కబురైతే ఈపాటికి చెప్పదా? చెడ్డదైతే ఒక్కతే ఆ చీకటి గదిలో కూర్చుని ఏడుస్తోందా? పదింటికి ఫోన్ మోగితే ఒక్క ఉదుటున తీశాను. పాస్టరమ్మగారు.

"ఏమన్నా తెలిసిందా?"

"తెలియలేదండి. మీరు మాత్రం అక్కడికి చెయ్యకండి."

"నేనెందుకు చేస్తాను? నువ్వు చేస్తావేమోనని చేశా."

నిజమే. అప్పటికి మూడుసార్లు రిసీవరు ఎత్తి దించాను. నాలుగు అంకెలు తిప్పి ఆపాను ఒకసారి. మా ఆయన కారు తాళాలు తీసి తన జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఎవరికీ వంట చెయ్యలేదు. నేను పెట్టిన రూలు నన్నే పట్టుకుని కూర్చోబెట్టింది, నా మీద నాకే కోపం. పన్నెండు, రెండు, మూడున్నర. 

నాలుగూ నలభైకి మా వాకిట్లో కారు ఆగింది. కిటికీలోంచి చూశాను. దిగింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుంది, మొహం తెలియడం లేదు. రెండు చేతుల్తో నా స్టీలు డబ్బా పట్టుకుని నడిచి వస్తోంది.

నాకు మొహం మీద చూపు ఆగలేదు, డబ్బా మీదే ఆగింది. అది నిండి ఉంటే పొద్దున్నుంచీ స్టవ్ ముందు నిలబడిందన్నమాట. నిండి ఉంటే నేను చేసిందేదీ ఆమెకి తలకెక్కలేదు, నా ఆ ఒక్క మాట తప్ప. తలుపు తీసి, పలకరింపు కూడా లేకుండా చెయ్యి చాపాను. ఆమె డబ్బా నా చేతిలో పెట్టింది.

తేలిగ్గా ఉంది. చెవి దగ్గర పెట్టి ఊపాను. చప్పుడు లేదు.

"ఉంచేశారక్కా," అంది. "ఫైల్లో ఇంకో కాగితం ఏమీ లేదు, పర్మనెంట్ చేస్తున్నాం అన్నారు. ఏడుంపావుకే చెప్పేశారు."

"ఏడుంపావుకా? పొద్దున్నుంచీ ఇక్కడ చచ్చి బతుకుతున్నా. ఫోన్ చెయ్యవేమే?"

కళ్ళజోడు తీసింది. చెంప మీద దిండు ముడతల గుర్తు ఇంకా పోలేదు.

"నిద్రపోయానక్కా," అంది.

నేను అక్కడే గుమ్మంలో ఏడ్చేశాను. మూత తీసి చూస్తే డబ్బా పొడిగా, అడుగుదాకా ఖాళీగా ఉంది.